దావత్ బయట నిలబడ్డ పెద్దకొడుకు

“అక్కా, నాకు 47 ఏండ్లు. నర్సంపేట దగ్గర మా ఊరు. మాకు ఆరెకరాల చెలక ఉండె. పదకొండేండ్ల కింద మా తమ్ముడు ‘నా పాలు నాకియ్యి’ అని బాపు మీద పడితే, బాపు రెండెకరాలు వాని పేరు మీద చేసిండు. యాడాది తిరగకముందే అమ్ముకొని హైదరాబాదు పోయిండు. ఆ పైసలన్నీ తాగుడుకు, ఆడోళ్లకు తగలవెట్టిండు. అవ్వ సచ్చిపోయిన నాడు కూడ రాలే. మిగిలిన నాలుగెకరాలు బాపు పేరు మీదనే ఉన్నయి. పత్తి, మిర్చి నేనే ఏస్తున్న. చెల్లె పెండ్లికి చేసిన అప్పు నేనే కట్టిన. బాపుకు షుగరు, నెలనెలా దవాఖానకు నేనే తీస్కపోత.

మొన్న వాడు వచ్చిండు, బక్కచిక్కి. నేను ఎనుమాముల మార్కెట్ల మిర్చి అమ్ముకొని పొద్దుగూకినంక ఇంటికొచ్చేసరికి వాకిట్ల టెంటు, పాటలు. బాపు యాట కోసి చుట్టాలందరికి దావత్ ఇచ్చిండు. నాకు ఫోన్ చేసి ఒక్కమాట చెప్పలే. నేను లోపటికి పోలే, బాయికాడ పండుకున్న. ఆదివారం పాస్టరుగారు తప్పిపోయిన కుమారుని వాక్యం చెప్పి ‘పెద్దకొడుకు లెక్క ఉండకుండ్రి’ అన్నడు. అందరు నా దిక్కే చూసిండ్రు. అప్పటిసంది గుడికి పోతలే. ఇప్పుడు బాపు వానికి ఇంకో ఎకరం రాస్తనంటున్నడు. ఎందుకని అడిగితే ‘లూకా సువార్త సదువుకో’ అంటున్నడు. సదివిన. నాకైతే పెద్దకొడుకు మాటే న్యాయమనిపించింది. నేను తప్పా అక్కా?”

– ఒక పెద్దకొడుకు, వరంగల్ జిల్లా

తమ్ముడూ, అక్కా అని రాశావు కాబట్టి నిన్ను నువ్వనే అంటాను. నీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. పెద్దకొడుకు మాట న్యాయమనిపించడం తప్పు కాదు. లూకా 15వ అధ్యాయంలో యేసు చెప్పిన ఆ కథలో చిన్నకొడుకు తన పాలు తీసుకుని దూరదేశం పోయి, అంతా పాడుచేసి తిరిగొస్తే తండ్రి దూడను కోసి విందు చేస్తాడు. పెద్దకొడుకు ‘ఇన్నేళ్లు సేవించినా నాకు మేకపిల్లనైనా ఇయ్యలేదు’ అని కోపంతో బయటే నిలబడతాడు. ఆ తండ్రి కూడా అతని మాట అబద్ధమని ఎక్కడా అనలేదు. ‘నువ్వు అంత కష్టపడలేదు’ అనలేదు, ‘మేకపిల్లను ఇచ్చాను కదా’ అనలేదు. అన్నీ విన్నాడు. విని ఒకే ఒక్క మాట సరిదిద్దాడు. ఆ మాటేమిటో తర్వాత చెప్తాను, ఎందుకంటే నీ ఉత్తరంలో కూడా అదే మాట దగ్గర నేను ఆగిపోయాను.

ఈ కథ నాకు కూడా ముల్లులా గుచ్చుకున్నదే. మా అవ్వను చివరి పన్నెండేళ్లు నేనే చూసుకున్నాను. మా అన్న క్రిస్మస్‌కు ఒక్కసారి వచ్చి గంట కూర్చునేవాడు. ఆ గంటలో అవ్వ మొహంలో కనిపించే వెలుగు, మిగతా 364 రోజుల్లో నేను చూడలేదు. అందుకే ఆ అధ్యాయంలో 25వ వచనం నుంచి 32 దాకా ఉన్న ఎనిమిది వచనాలను నేను ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. నీతో కలిసి ఇంకొకసారి చదువుతాను.

ముందుగా, ఆ కథ ఎవరికి చెప్పాడో చూడు. అధ్యాయం మొదటి రెండు వచనాల్లోనే ఉంది. పన్నులు వసూలు చేసే సుంకరులు, పాపులు యేసు దగ్గరకు వస్తుంటే, ధర్మశాస్త్రాన్ని కచ్చితంగా పాటించే పరిసయ్యులు, దాన్ని బోధించే శాస్త్రులు ‘ఇతడు పాపులను చేర్చుకొని వారితో కూడ భోజనము చేయుచున్నాడు’ అని సణిగారు. గొడవంతా బంతి దగ్గరే మొదలైంది, ఎవరి పక్కన కూర్చుని తింటున్నాడన్న దాని దగ్గర. ఆ సణుగుడుకు జవాబుగా మూడు కథలు చెప్పాడు. 100 గొర్రెల్లో ఒకటి పోయింది, 10 నాణేల్లో ఒకటి పోయింది, ఇద్దరు కొడుకుల్లో ఒకడు పోయాడు. అంటే ఈ కథకు అసలు శ్రోతలు ఊరు విడిచి పోయినవాళ్లు కాదు. ఇంటిపట్టున ఉండి, పనిచేసి, ఆజ్ఞ మీరకుండా బతికి, లోపలికి రానని భీష్మించినవాళ్లు. వాళ్లను తిట్టాలనుకుంటే తిట్టేవాడే, సువార్తల్లో వేరేచోట గట్టిగా తిట్టాడు కూడా. ఇక్కడ తిట్టలేదు. వాళ్ల కోసం ఒక తండ్రిని గుమ్మం దాటించి బయటికి పంపాడు. పాస్టరుగారి వాక్యంలో ఈ మాట పడిపోయింది. పెద్దకొడుకును చెడ్డ ఉదాహరణగా చూపించడానికి కథ అక్కడిదాకా రానక్కరలేదు. 24వ వచనంలో ‘అంతట వారు సంతోషపడసాగిరి’ అని చిన్నకొడుకు కథ సుఖంగానే ముగిసింది. ఆ తర్వాత కూడా కథ సాగిందంటే, అది పెద్దకొడుకు కోసమే.

ఇంకొకటి గమనించు. గొర్రె పోతే కాపరి వెతుక్కుంటూ వెళ్లాడు. నాణెం పోగొట్టుకున్న స్త్రీ దీపం పెట్టి ఇల్లు ఊడ్చింది. మూడో కథలో చిన్నవాణ్ణి వెతుకుతూ ఎవరూ దూరదేశం పోలేదు. తండ్రి మాత్రం రెండుసార్లు ఇంట్లోంచి బయటికి వచ్చాడు. ఒకసారి చిన్నవాడికి ఎదురు పరుగెత్తాడు, ఇంకోసారి పెద్దవాడి దగ్గరకు వచ్చి బతిమాలుకున్నాడు. పెద్దమనిషి, దావత్ ఇస్తున్న ఇంటి యజమాని, చుట్టాలను బంతి మీద వదిలేసి వాకిట్లోకి వచ్చి కొడుకును బతిమాలడం మన ఊళ్లో ఎట్లా ఉంటుందో నీకు నేను చెప్పనవసరం లేదు. నలుగురూ చూస్తారు. ఆ నగుబాటును ఆ తండ్రి ఇద్దరు కొడుకుల కోసమూ మోశాడు.

ఇప్పుడు నీ నొప్పికి దగ్గరగా ఉన్న వచనానికి వద్దాం. 25వ వచనం: ‘అతని పెద్ద కుమారుడు పొలములో ఉండెను.’ ఇంటికి వస్తూ వాద్యములు, నాట్యము విన్నాడు. ఇదేమిటని ఒక దాసుణ్ణి పిలిచి అడగాల్సి వచ్చింది. వస్త్రం తెమ్మనడానికి, ఉంగరం పెట్టమనడానికి, చెప్పులు తొడగమనడానికి, దూడను కోయమనడానికి ఆ ఇంట్లో మనుషులున్నారు. పొలానికి వెళ్లి ‘నీ తమ్ముడు వచ్చాడు’ అని చెప్పడానికి ఒక్కడు కూడా పోలేదు. ఎందుకు పోలేదో లూకా చెప్పడు. తండ్రి సంతోషంలో మరిచిపోయాడనుకోవచ్చు, పెద్దవాడు అడ్డుపడతాడని భయపడ్డాడనుకోవచ్చు. ఏది అనుకున్నా అది మన ఊహే. కానీ జరిగింది మాత్రం రాసి ఉంది. పని చేసేవాడికి కబురు అందలేదు. నీకు ఫోన్ రాలేదన్న బాధ చిన్నపిల్లల అలుక అని ఎవరైనా అంటే, ఈ వచనం చూపించు. సువార్త ఆ సంగతిని దాచలేదు, దానికి ఆ కొడుకును తప్పుపట్టనూ లేదు.

అయితే అతను మాట్లాడటం మొదలుపెట్టాక సంగతి మారుతుంది. ఆ మాటలను నెమ్మదిగా చదువు.

మొదటిది, పిలుపు లేదు. చిన్నవాడు పాలు అడిగినప్పుడు కూడా ‘తండ్రీ’ అన్నాడు. పందుల దగ్గర కూర్చుని మనసులో మాటలు కూర్చుకున్నప్పుడూ ‘తండ్రీ’ అనే మొదలుపెట్టాడు. పెద్దవాడు మొదలుపెట్టింది ‘ఇదిగో’ అని. తర్వాతి మాట ‘యిన్నియేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే.’ మన బైబిల్లో సేవించు అని మెత్తగా ఉంది కానీ, గ్రీకులో ఆ మాట దాసుడు అనే మాట నుంచి వచ్చింది. ‘ఇన్నేళ్లుగా నీకు వెట్టి చేస్తున్నాను’ అన్నంత గట్టి మాట. ఇక్కడే నాకు ఇద్దరు అన్నదమ్ముల్లోనూ ఒకే పోలిక కనిపిస్తుంది. చిన్నవాడు ‘నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము’ అని అడుగుదామని బయలుదేరాడు. పెద్దవాడు ఇన్నేళ్లూ దాసుడిలాగే ఉన్నాననుకున్నాడు. ఒకడు కూలి, ఒకడు దాసుడు. ఆ ఇంట్లో తనను తాను కొడుకుననుకున్నవాడు ఒక్కడూ లేడు. చిన్నవాడు కూలి మాట ఎత్తకముందే తండ్రి వస్త్రం తెప్పించాడు. పెద్దవాడు తన మాట పూర్తిగా అనేశాడు.

రెండోది, మేకపిల్ల. దూడ కోస్తే ఊరంతా తినాలి, మేకపిల్ల నలుగురు స్నేహితులకు సరిపోతుంది. అతను అడిగింది దూడంత పెద్దది కాదు. ‘నాకు ఎన్నడూ ఇయ్యలేదు’ అన్నాడు గానీ, ‘నేను అడిగితే ఇయ్యలేదు’ అనలేదు. నిన్నొక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఈ పదకొండేళ్లలో నీకేం కావాలో బాపుతో నోరు తెరిచి చెప్పావా? అప్పు కట్టినప్పుడు, మిర్చి ధర పడిపోయిన ఏడు, అవ్వ పోయిన తర్వాత ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు? మన పెద్దకొడుకులకు ఇది ఉన్న గుణమే. అడిగితే చులకనవుతామని అడగరు, ఇవ్వకపోతే గుర్తుపెట్టుకుంటారు. బాపుకు కూడా అడిగేవాడి ఆకలే కనిపిస్తుంది, అడగనివాడు నిండుగా ఉన్నాడనుకుంటాడు.

మూడోది నిన్ను నేరుగా తాకేది. 13వ వచనంలో చిన్నవాడు ఆస్తిని ‘దుర్వ్యాపారమువలన పాడుచేసెను’ అని మాత్రమే ఉంది. గ్రీకులో ఆ మాటకు అడ్డూ అదుపూ లేని బతుకని అర్థం. అందులో వేశ్యల మాట లేదు. ఆ మాట మొదటిసారి వినిపించేది 30వ వచనంలో, పెద్దవాడి నోట. దాసుడు కూడా ‘నీ తమ్ముడు వచ్చియున్నాడు’ అని చెప్పాడే గానీ దూరదేశం సంగతులేవీ చెప్పలేదు. మరి ఇతనికి ఎట్లా తెలుసు? నిజమే అయ్యుండొచ్చు. కాని కథ మనకు చూపించింది మాత్రం కోపం తనకు కావలసిన సాక్ష్యాన్ని తానే తెచ్చుకోవడం. నీ ఉత్తరంలో ‘ఆడోళ్లకు’ అన్న మాట ఉంది. అది నువ్వు చూసిందా, ఎవరైనా చెప్పిందా, లేక అంత డబ్బు పోవాలంటే అట్లాగే పోయుంటుందని అనుకుందా? తాగుడు అయితే వాడి ఒంటి మీద కనిపిస్తుంది. రెండెకరాల డబ్బు చిట్టీల్లో మునిగినా, ఏదో వ్యాపారంలో నమ్మి మోసపోయినా, దవాఖానలో కరిగిపోయినా ఆరిపోతుంది. వాణ్ణి వెనకేసుకు రావడానికి నేను ఇది అడగడం లేదు. భూమి గురించి తీర్మానం చేసేటప్పుడు తెలిసిన సంగతి మీద చెయ్యాలి, లేకపోతే ఆ తీర్మానం తర్వాత నిన్నే పొడుస్తుంది.

అదే మాటలో పెద్దవాడు అన్న ఇంకో ముక్క నీ పక్షాన ఉంది, అది కూడా చెప్పాలి. ‘నీ ఆస్తిని తినివేసిన’ అని మన బైబిల్లో ఉన్నచోట గ్రీకులో బియోస్ అని ఉంది. ఆ మాటకు బతుకు అనీ, బతుకుదెరువు అనీ అర్థం. 12వ వచనంలో తండ్రి పంచింది కూడా ఆ బతుకుదెరువునే. చిన్నవాడు అడిగినప్పుడు, పాడుచేసినప్పుడు మాత్రం వేరే మాట, ఉట్టి ఆస్తి అన్న మాట. అడిగినవాడికి అది వాటా. ఇచ్చినవాడికి, పొలంలో వంగినవాడికి అది బతుకుదెరువు. ఆ తేడా పెద్దవాడికి తెలుసు, నీకూ తెలుసు.

చివరగా ‘యీ నీ కుమారుడు’ అన్నాడు. నా తమ్ముడు అనలేదు. నీ ఉత్తరంలో కూడా మొదట ఒక్కసారి ‘మా తమ్ముడు’ అన్నావు, ఆ తర్వాత అంతా ‘వాడు’, ‘వానికి’. తండ్రి సరిదిద్దింది ఈ ఒక్క మాటనే. 32వ వచనంలో ‘ఈ నీ తమ్ముడు’ అని అదే మాటను తిప్పి అతని చేతిలో పెట్టాడు. దానికి ముందు కొడుకును పిలిచిన పిలుపు చూడు. మన తర్జుమాలో ‘కుమారుడా’ అని ఉంది. గ్రీకులో ఆ చోట కథలో మిగతాచోట్ల వాడిన కుమారుడనే మాట లేదు. కన్నబిడ్డ అనే అర్థమిచ్చే మాట ఉంది. మన దిక్కు నెరిసిన జుట్టు కొడుకును కూడా తండ్రి ‘బిడ్డా’ అంటాడు చూడు, సరిగ్గా అది. తండ్రీ అని పిలవనివాణ్ణి ‘బిడ్డా’ అన్నాడు. ‘బిడ్డా, నువ్వెప్పుడూ నాతోనే ఉన్నావు, నావన్నీ నీవే.’

ఈ ‘నావన్నియు నీవి’ అనే మాట దగ్గర ఆగాలి. బాపు నీతో చదువుకోమన్న సువార్తలో భూమి లెక్క ఇక్కడే ఉంది. ద్వితీయోపదేశకాండము 21:17 ప్రకారం జ్యేష్ఠ కుమారుడికి రెండు పాళ్లు. ఇద్దరే కొడుకులైతే ఆస్తి మూడు భాగాలవుతుంది, పెద్దవాడికి రెండు, చిన్నవాడికి ఒకటి. అనుకోకుండా మీ ఇంట్లో జరిగింది కూడా ఇదే, ఆరులో రెండు. 12వ వచనం ‘వారికి’ పంచిపెట్టెను అంటుంది, చిన్నవాడొక్కడికే కాదు. కాబట్టి చిన్నవాడు తిరిగి వచ్చేనాటికి ఆ ఇంట్లో మిగిలిందంతా పెద్దవాడి పాలు. తండ్రి బతికున్నంత కాలం పెత్తనం ఆయనదే, కానీ ముందుముందు అది పెద్దవాడిది. అంటే కోసిన దూడ కూడా ఒక రకంగా అతని కొట్టంలోదే. అతని కోపంలో ఈ లెక్క కూడా ఉండి ఉంటుంది.

ఇప్పుడు తండ్రి చిన్నవాడికి ఏమేమి ఇచ్చాడో చూడు. వస్త్రం, ఉంగరం, చెప్పులు, విందు. కొడుకు స్థానం పూర్తిగా తిరిగి ఇచ్చాడు. భూమిని మళ్లీ పంచినట్టు ఎక్కడా లేదు. పైగా విందు మధ్యలో బయటికి వచ్చి పెద్దవాడితో ‘నావన్నీ నీవే’ అన్నాడు. క్షమాపణ ఒక సంగతి, పంపకం ఒక సంగతి. కథ మొదటిదాన్ని ఆకాశమంత చేసి, రెండోదాన్ని ఉన్నచోటే ఉంచింది. మీ ఇంట్లో ఈ రెండూ ముడిపడిపోయాయి. నువ్వు ఎకరం ఇవ్వొద్దనుకుంటున్నావు కాబట్టి బంతిలో కూర్చోలేకపోతున్నావు. బాపు చేర్చుకోవాలనుకుంటున్నాడు కాబట్టి ఎకరం రాయాలనుకుంటున్నాడు. లూకా 15ను చూపించి ఎకరం రాయాలని బాపు అంటే, అది ఆ అధ్యాయంలో లేదు. ఎకరం గొడవ ఉంది కాబట్టి తమ్ముడి ముఖం చూడనని నువ్వంటే, అదీ అందులో లేదు.

ఒక తేడా మాత్రం మరిచిపోకు. కథలో ఇద్దరికీ పంపకం అయిపోయింది. మీ ఇంట్లో నాలుగెకరాలు ఇంకా బాపువే. పట్టా ఆయన పేరు మీద ఉన్నంత వరకు ‘నావన్నీ నీవే’ అనేది ప్రేమ మాటగా ఉంటుందే గానీ కాగితం కాదు. ఇక్కడ నీకు తెలియనిదేదో ఉందని నాకనిపిస్తోంది, అందుకే వివరంగా చెప్తాను.

మీ కుటుంబం కాగితాల మీద కూడా క్రైస్తవులే అయితే మీకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. కాగితాల మీద హిందువులుగా ఉంటే, భూమి తాతల నాటిదైతే లెక్క వేరవుతుంది, అది ముందు తేల్చుకోవాలి. క్రైస్తవ చట్టం ప్రకారం తండ్రి ఆస్తిలో కొడుకులకు పుట్టుకతో వచ్చే హక్కు లేదు. బాపు తన భూమిని ఎవరికైనా రాయవచ్చు. ఏమీ రాయకుండా పోతే, అవ్వ లేదు కాబట్టి, పిల్లలందరికీ సమాన భాగాలు, ఆడబిడ్డతో సహా. మీ చెల్లెను నువ్వు అప్పు దగ్గర తప్ప ఎక్కడా తలవలేదు. (ఆ కథలో కూడా అక్కచెల్లెళ్లు, తల్లి కనిపించరు. నాకు ప్రతిసారీ ఆ లోటు తెలుస్తుంది.) నాలుగెకరాలంటే 160 గుంటలు, ముగ్గురికి పంచితే తలా ఎకరం పదమూడు గుంటల పైచిలుకు.

అసలు సంగతి ఇది. వీలునామా లేకుండా పంచేటప్పుడు, తండ్రి బతికున్నప్పుడు ఏ బిడ్డకు ఏమిచ్చాడో ఆ చట్టం లెక్కలోకి తీసుకోదు, 49వ సెక్షన్ ఆ మాట చెప్తుంది. అంటే తమ్ముడు పదకొండేళ్ల కింద తీసుకున్న రెండెకరాలను ఎవరూ మినహాయించరు. ఇప్పుడు బాపు ఒక ఎకరం రాసి, మిగతా మూడింటికి ఏ కాగితమూ లేకుండా పోతే తలా ఒక ఎకరం వస్తుంది. మొత్తం ఆరులో తమ్ముడికి నాలుగు, చెల్లెకు ఒకటి, నీకు ఒకటి. బాపు ఇప్పుడు ఒక ఎకరం రాయకపోయినా వాడికి మళ్లీ మూడో వంతు వస్తుంది. ‘నా పాలు నాకు ముట్టింది, ఇంకేమీ అడగను’ అని అప్పట్లో వాడు రాసిచ్చిన కాగితం ఏదైనా ఉంటే దాని మీద ఒక్కదాని మీదే భరోసా పెట్టుకోకు. బతికున్న తండ్రి నుంచి ముందుముందు రాబోయే వారసత్వాన్ని ముందే వదులుకున్నానని రాయడం చట్టం ముందు గట్టిగా నిలబడే వ్యవహారం కాదు. కాబట్టి నువ్వు ఈ ఒక్క ఎకరం మీద కొట్లాడుతున్నావు గానీ, నీకు అసలు కావలసింది బాపు రాతపూర్వకంగా చేసే పూర్తి ఏర్పాటు.

ఇక నీ ముందు ఏ దారులున్నాయో, ఏ దారిలో ఏమవుతుందో చెప్తాను.

ఎకరం రాయనే వద్దని పట్టుబట్టవచ్చు. బాపు నీ మీద ఆధారపడి ఉన్నాడు, మందులకు, తిండికి, దవాఖానకు. నువ్వు గట్టిగా అంటే ఆగవచ్చు. కానీ ఆగింది న్యాయం వల్లనా, నువ్వు చూసుకోకపోతే ఎట్లా అన్న భయం వల్లనా అన్నది ఇద్దరికీ తెలిసిపోతుంది. భయం వల్ల ఆగిన తండ్రి నీకు తెలియకుండా ఇంకేదైనా చేస్తాడు. పైన చెప్పినట్టు, వీలునామా లేకపోతే ఆ పట్టుదల వల్ల నీకు మిగిలేదీ తక్కువే.

ఎకరం రాయడానికి ఒప్పుకుని, అదే రోజు మిగతా మూడెకరాలకు వీలునామా రాసి రిజిస్టర్ చెయ్యమని అడగవచ్చు. అందులో చెల్లె భాగం ఏమిటో కూడా ఉండాలి, ఆమెను కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. వీలునామాను బాపు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, అది గుర్తుంచుకో. మార్చడానికి వీల్లేకుండా కావాలంటే నీ భాగాన్ని ఇప్పుడే సెటిల్‌మెంట్ దస్తావేజుగా తహసీల్దారు ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోవాలి. అయితే అప్పుడు బాపు చేతిలో ఏమీ మిగలదు. కతోలికుల బైబిల్లో ఉన్న సీరా గ్రంథం 33వ అధ్యాయం తండ్రులకు ఇదే హెచ్చరిక చేస్తుంది, ఊపిరి ఉన్నంత వరకు నీ ఆస్తిని ఎవరి చేతిలోనూ పెట్టకు, బిడ్డలు నీ చేతివైపు చూడాలి గానీ నువ్వు వాళ్ల చేతివైపు చూడకూడదు అని. అట్లా చేయించుకుంటే బాపు బతికున్నంత కాలం ఆ పంట మీద తిండికి, మందులకు హక్కు ఆయనదేనని దస్తావేజులోనే రాయించు. అడగకముందే నువ్వే రాయించు.

తమ్ముడు మళ్లీ అమ్మేస్తాడని నీ భయం కదా. ‘అమ్మకూడదు’ అని షరతు పెట్టి రాస్తే సరిపోతుందని ఊళ్లో ఎవరైనా చెప్తారు. పూర్తి హక్కు ఇచ్చి, ఎప్పటికీ అమ్మొద్దని షరతు పెడితే ఆ షరతు చెల్లదు. దానికి బదులు వాడు బతికున్నంత కాలం అనుభవించే హక్కు మాత్రం వాడికి, ఆ తర్వాత వాడి పిల్లలకో, పిల్లలు లేకపోతే ఇంటివాళ్లకో పోయేటట్టు రాయవచ్చు. వాడు తిండి తినగలడు, భూమి చెయ్యి మారదు.

ఇంకో దారి, పట్టా ఏమీ మార్చకుండా ఒక ఎకరం వాణ్ణి రెండేళ్లు చేసుకోనివ్వడం. పెట్టుబడి ఎవరు పెడతారు, బోరు నీళ్లు ఏ పూట ఎవరికి అన్నది ముందే తేల్చి ఒక కాగితం మీద రాసుకోవాలి, లేకపోతే రెండో ఏడు నీళ్ల దగ్గరే గొడవవుతుంది. నాకు ఈ దారి మీద కొంచెం మొగ్గుంది. వాడు చెలకలో నిలబడతాడో లేదో నువ్వే చూస్తావు, విన్న మాటల మీద తేల్చాల్సిన పని ఉండదు. కానీ ఒక జాగ్రత్త. వాణ్ణి నీ దగ్గర కూలికి పెట్టుకుని దాన్ని పరీక్ష అనకు. కూలివాడిగా ఉంటాననే మాట వాడి మనసులో ఎట్లాగూ ఉండి ఉంటుంది. ఆ తండ్రి ఆ మాటను నోటి దాకా రానివ్వలేదు.

భూమి సంగతి తేలడానికి నెలలు పడుతుంది. బంతి సంగతికి అంత సమయం అక్కరలేదు. తమ్ముడితో కలిసి తినడమంటే నువ్వు ఎకరానికి ఒప్పుకున్నట్టు కాదని బాపుకు ముందే చెప్పు. ఆయన వినకపోతే పక్కన చెల్లెను పెట్టుకుని చెప్పు. అప్పుడు నువ్వు లోపలికి పోవడం వల్ల కోల్పోయేదేమీ ఉండదు. పోకపోయినా, నీ మనసు ఇంకా ఒప్పుకోకపోయినా, బాయికాడే కొన్నాళ్లు ఉండాలనిపించినా, నిన్ను తోసుకుపొమ్మని నేననను. లూకా కూడా అనలేదు. పెద్దకొడుకు లోపలికి వెళ్లాడో లేదో రాయకుండానే ఆ అధ్యాయం ఆగిపోయింది. తండ్రి మాటతో ఆగింది, కొడుకు జవాబు లేదు.

పాస్టరుగారి దగ్గరకు ఒక్కడివే వెళ్లు, ఆదివారం కాకుండా మామూలు రోజు. గొడవకు కాదు. 25 నుంచి 32 దాకా ఆయననే గట్టిగా చదవమని, తండ్రి పెద్దకొడుకును ఎక్కడ తప్పుపట్టాడో చూపించమని అడుగు. ఆయన మంచివాడైతే ఇంకో ఆదివారం ఆ ఎనిమిది వచనాల మీద చెప్తాడు. చెప్పకపోయినా, గుడి ఆయనొక్కడిది కాదు.

బాపుతో మాట్లాడటానికి దవాఖానకు పోయే రోజు మంచిది. ఇంట్లో వాడుంటాడు, ఊళ్లో చెవులుంటాయి. పరీక్ష రిపోర్టుల కోసం బెంచీ మీద గంటలు గంటలు కూర్చుంటారు కదా, అక్కడ చెప్పు. ఎకరం మాటతో మొదలుపెట్టకు. ‘బాపూ, ఆ రోజు నాకు ఫోన్ చేయనందుకు బాధైంది’ అను. ఆ పెద్దకొడుకు నోట రాని ‘తండ్రీ’ అన్న పిలుపుతో మొదలవుతుంది కదా, తర్వాతి మాటలు వాటంతటవే వస్తాయి. కాగితాల సంగతి రెండో నెల పోయినప్పుడు ఎత్తు. లాయరు దగ్గరకు పోయేముందు బాపు పాసుబుక్కు, మీ అందరి కుల ధ్రువపత్రాలు దగ్గర పెట్టుకో, మీకు ఏ చట్టం వర్తిస్తుందో వాటిని చూసే చెప్తాడు.